లూప్ పైకొనలో పట్టు జారే గోళీ: 2.7 ఎందుకు చాలదు?

వాలుగా దిగే ఒక ట్రాక్, దాని చివర నిలువుగా నిలబెట్టిన గుండ్రటి లూప్. ట్రాక్ మీద ఒక ఉక్కు గోళీని వదులుతాం. అది కిందికి దొర్లి, లూప్‌లోకి ఎక్కి, తలకిందులుగా పైకొనను దాటి, అవతలి వైపు దిగాలి. దారి పొడవునా ఎక్కడా ట్రాక్‌ను వదలకూడదు. అందుకు కనీసం ఎంత ఎత్తు నుంచి వదలాలి?

భౌతికశాస్త్రం చదివినవాళ్లలో ఎక్కువమంది ఠక్కున చెప్పే జవాబు 2.5R, ఇక్కడ R అంటే లూప్ వ్యాసార్ధం. ఇంకాస్త జాగ్రత్తగా చదివినవాళ్లు 2.7R అంటారు. మొదటిది ఘర్షణ లేకుండా జారే వస్తువుకు సరైన జవాబు. రెండోది దొర్లే గోళీకి సరైన జవాబే, కానీ దాని వెనక ఒక షరతు ఉంది: గోళీ దారంతా జారకుండా దొర్లాలి. సరిగ్గా ఆ ఎత్తు నుంచి వదిలిన గోళీ ఆ షరతును పాటించలేదు. లూప్ పైకొన దగ్గర అది జారక తప్పదు. అందుకే నిజమైన కనీస ఎత్తు 2.7 కంటే ఎప్పుడూ కొంత ఎక్కువే. ఎంత ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్నది ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

ముందు పైకొన సంగతి చూద్దాం. చాలామంది మొదట అనుకునేది ఇది: గోళీ పైదాకా చేరితే చాలు, అక్కడ వేగం సున్నా అయినా ఫర్వాలేదు. తీగకు గుచ్చిన పూసకు అది నిజమే, ఎందుకంటే తీగ పూసను పైకీ కిందికీ రెండు వైపులా పట్టుకోగలదు. లూప్ లోపలి వైపు దొర్లే గోళీని మాత్రం ట్రాక్ కేంద్రం వైపు నెట్టగలదు గానీ, తన వైపు లాక్కోలేదు. గోళీ గుండ్రంగా తిరగాలంటే కేంద్రం వైపు mv²/ρ బలం కావాలి (ρ అంటే గోళీ మధ్యబిందువు తిరిగే వృత్తం వ్యాసార్ధం). పైకొనలో బరువు mg ఎలాగూ కేంద్రం వైపే లాగుతుంది. వేగం ఎక్కువగా ఉంటే ఆ బరువు సరిపోదు, మిగతా బలాన్ని ట్రాక్ ఇస్తుంది. వేగం తగ్గే కొద్దీ ట్రాక్ ఇవ్వాల్సిన బలం N తగ్గుతూ వచ్చి, ఒక దగ్గర సున్నా అవుతుంది. అదే హద్దు:

v² = gρ

ఇంతకన్నా నెమ్మదిగా వచ్చిన గోళీని ఆ వృత్తానికి కావలసిన దానికన్నా ఎక్కువగా బరువు కిందికి వంచేస్తుంది. గోళీ ట్రాక్‌ను వదిలి లోపలికి పడుతుంది.

ఇక శక్తి లెక్క. గోళీ దొర్లుతుంటే దాని గతిశక్తి రెండు చోట్ల ఉంటుంది: ముందుకు కదలడంలో ½mv², తన చుట్టూ తాను తిరగడంలో దానిలో ఐదింట రెండు వంతులు. రెండూ కలిపి 0.7mv². పైకొనలో v² = gρ కాబట్టి అక్కడ ఉండాల్సిన గతిశక్తి 0.7mgρ. గోళీ మధ్యబిందువు లూప్ అడుగు నుంచి పైకొనకు 2ρ ఎక్కింది. అంటే వదిలేటప్పుడు మధ్యబిందువు, లూప్ అడుగున తాను ఉండే మట్టం కంటే 2.7ρ ఎత్తులో ఉండాలి. తిరగడానికి ఏ శక్తీ ఖర్చు కాని జారే వస్తువుకు 0.7 బదులు 0.5 వస్తుంది. 2.5కు మూలం అదే.

ఇక్కడ R అని రాయకుండా ρ అని రాయడం పట్టుదల కోసం కాదు. లూప్ లోపలి వ్యాసార్ధం R, గోళీ వ్యాసార్ధం r అయితే మధ్యబిందువు తిరిగే వృత్తం R − r మాత్రమే. ఒక సందర్భం తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. లూప్ లోపలి వ్యాసార్ధం 160 మి.మీ., ఉక్కు గోళీ వ్యాసార్ధం 10 మి.మీ. అప్పుడు ρ = 150 మి.మీ., మధ్యబిందువు 405 మి.మీ. పైన ఉండాలి. R పెట్టి లెక్కిస్తే 432 వస్తుంది. 27 మి.మీ. తేడా! మనం ముందు ముందు వెతకబోయే చిన్న తేడాలు దీనిలో పూర్తిగా మునిగిపోతాయి. ఎత్తును గోళీ మధ్యబిందువు దగ్గర కొలవాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. ట్రాక్‌ను గోళీ తాకే చోట కొలిస్తే, వాలు కోణం θ అయినప్పుడు కావలసిన ఎత్తుకు r(1 − cos θ) కలపాలి. 30° వాలుకు అది 1.3 మి.మీ. మాత్రమే.

405 మి.మీ. నుంచి వదిలిన గోళీ, లెక్క ప్రకారం, లూప్ అడుగున సెకనుకు 2.38 మీటర్ల వేగంతో వెళ్తుంది. పైకొనలో వేగం 1.21 మీటర్లకు తగ్గుతుంది. అప్పటికీ అది తన చుట్టూ తాను సెకనుకు 19 సార్లు తిరుగుతూ ఉంటుంది. ఈ తిరగడాన్ని గుర్తుంచుకోండి, కథంతా దానిలోనే ఉంది.

అడుగు నుంచి పైకి ఎక్కేటప్పుడు గోళీ వేగం తగ్గుతుంది. జారకుండా దొర్లుతూ ఉండాలంటే తిరిగే వేగం కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. గురుత్వాకర్షణ గోళీ మధ్యబిందువు గుండా పనిచేస్తుంది కాబట్టి తిరగడాన్ని అది తగ్గించలేదు. అభిలంబ బలం N కూడా మధ్యబిందువు గుండానే పోతుంది. మిగిలింది ఘర్షణ ఒక్కటే. ఎక్కేటప్పుడు ఘర్షణ గోళీని ముందుకు, అంటే పైకి, నెడుతూ దాని తిరుగుడును మందగింపజేస్తుంది. మరోలా చెప్తే, తిరగడంలో దాచుకున్న శక్తిని ఘర్షణే బయటికి తీసి, ఎక్కడానికి అందిస్తోంది. ఘర్షణ అంటే శక్తిని తినేసేదని అలవాటుగా అనుకుంటాం కదా, ఇక్కడ మాత్రం అది గోళీకి తన సొంత శక్తిని తిరిగి ఇప్పిస్తుంది.

ఈ పనికి ఎంత ఘర్షణ కావాలి? పైకొన నుంచి φ కోణం దూరంలో ఉన్నప్పుడు కావలసిన ఘర్షణ

f = (2/7) mg sin φ

సరిగ్గా 2.7ρ నుంచి వదిలినప్పుడు అదే చోట ట్రాక్ గోళీని నొక్కే బలం

N = (17/7) mg (1 − cos φ)

అడుగున φ = 180°, అక్కడ N గోళీ బరువుకు దాదాపు 4.9 రెట్లు. పైకొన దగ్గరికి వచ్చే కొద్దీ రెండూ సున్నా వైపు పోతాయి, కానీ ఒకే తీరున కాదు. φ చిన్నదైనప్పుడు sin φ, φతో పాటు తగ్గుతుంది. 1 − cos φ మాత్రం φ వర్గంతో తగ్గుతుంది, అంటే చాలా ముందే కరిగిపోతుంది. రెంటి నిష్పత్తి ఇలా తేలుతుంది:

f / N = (2/17) cot(φ/2)

పైకొనను సమీపించే కొద్దీ ఇది హద్దు లేకుండా పెరుగుతుంది. జారకుండా ఉండాలంటే ఈ నిష్పత్తి ఘర్షణ గుణకం μను దాటకూడదు. μ ఎంత పెద్దదైనా సరే, పైకొనకు ముందు ఎక్కడో ఒకచోట అది దాటి తీరుతుంది. గరుకు కాగితం అతికించినా అంతే. μ = 0.3 అనుకుంటే పైకొనకు ఇంకా 43° దూరంలో ఉండగానే పట్టు పోతుంది.

పట్టు పోయాక ఏమవుతుంది? ఘర్షణ ఇంకా ముందుకే నెడుతుంది, కానీ కావలసినంత నెట్టలేదు. తిరిగే వేగం తగ్గాల్సినంత తగ్గదు, మధ్యబిందువు వేగం తగ్గాల్సిన దానికంటే ఎక్కువ తగ్గుతుంది. గోళీ పైకొన దగ్గరికి అవసరానికి మించిన తిరుగుడుతో, అవసరానికి తక్కువైన ముందడుగుతో వస్తుంది. శక్తిలో ఎక్కువ భాగం గోళీలోనే ఉంది, అక్కరకు రాని రూపంలో. వేగం √(gρ) హద్దుకు కిందికి జారుతుంది, గోళీ ట్రాక్‌ను వదిలేస్తుంది. గాలి నిరోధం లేదు, ట్రాక్ వంగలేదు, అంతా ఆదర్శంగా ఉంది. అయినా 2.7ρ చాలలేదు.

మరి ఎంత కావాలి? రెండు హద్దులు సులభంగా తెలుస్తాయి. ఘర్షణ అపరిమితంగా ఉంటే 2.7ρ. వాలు మీద చక్కగా దొర్లివచ్చిన గోళీ, ఘర్షణే లేని లూప్‌లోకి ప్రవేశిస్తే? అప్పుడు తిరగడంలో ఉన్న శక్తి మొత్తం అక్కడే బందీ అవుతుంది. పతనంలో వచ్చిన శక్తిలో ఏడింట ఐదు వంతులే ఎక్కడానికి పనికొస్తాయి, ఆ ఐదు వంతులు 2.5ρ ఎత్తుకు సరిపోవాలి. అంటే వదిలే ఎత్తు 3.5ρ, మన గోళీకి 525 మి.మీ. నున్నగా ఉంటే సులువుగా దాటుతుందని అనుకునేవాళ్లకు ఈ సంఖ్య చూపించాలి. మొత్తం దారి నున్నగా ఉంటే 2.5ρ చాలు, మొత్తం దారి అపరిమితంగా గరుకుగా ఉంటే 2.7ρ, వాలు గరుకుగా ఉండి లూప్ మాత్రం నున్నగా ఉంటే 3.5ρ. చివరిదే అన్నిటికన్నా ఖరీదు.

నిజమైన లూప్ ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడన్నది తేల్చడానికి పైకొన నుంచి వెనక్కి నడవడం మంచి ఉపాయం. పైకొనలో N = 0 అని పెట్టుకుని, జారుతున్న గోళీకి ట్రాక్ ఒత్తిడి వెనక్కి వెళ్లే కొద్దీ ఎలా పెరుగుతుందో చూస్తాం. ఒత్తిడిని గోళీ బరువుతో భాగించి n అనుకుంటే, సమీకరణం చిన్నదే:

dn/dφ = 3 sin φ − 2μn

దీన్ని సాధిస్తూ, కావలసిన ఘర్షణకూ దొరికే ఘర్షణకూ సరిగ్గా సమానమయ్యే చోటు దాకా వెనక్కి వెళ్లాలి. అక్కడి నుంచి కిందంతా శుద్ధంగా దొర్లడమే కాబట్టి మామూలు శక్తి లెక్కతో వదిలే ఎత్తు వచ్చేస్తుంది. μ = 0.3కి ఈ లెక్క చేస్తే, గోళీ పైకొనకు 40° ముందు జారడం మొదలుపెడుతుంది, కనీస ఎత్తు 2.73ρ. మన లూప్‌లో 405 బదులు సుమారు 410 మి.మీ. లూప్‌కు మాత్రం నూనె రాసి μను 0.1కి దించితే, గోళీ లూప్‌లో సగం ఎత్తు దగ్గరే పట్టు కోల్పోతుంది. కనీస ఎత్తు 2.88ρకి, అంటే 432 మి.మీ.కి చేరుతుంది. R పెట్టి చేసిన తప్పు లెక్కకు కూడా 432 వచ్చింది చూశారా? ఇలా కలిసినంత మాత్రాన ఒక కొలత తప్పు సూత్రాన్ని సమర్థించినట్టు కాదు.

ఎక్కడా అసలు జారకూడదని పట్టుబడితే ఇంకొంచెం పైనుంచి వదలాలి. అప్పుడు పైకొనలో కూడా N కొంత మిగిలి ఉంటుంది, f/N అదుపులో ఉంటుంది. μ = 0.3కి ఆ ఎత్తు 2.83ρ, మన గోళీకి 424 మి.మీ. ఆ పరిస్థితిలో పట్టు అన్నిటికన్నా బలహీనంగా ఉండేది పైకొనలో కాదు, దానికి 21° అటూ ఇటూ. సరిగ్గా పైకొనలో sin φ సున్నా, అక్కడ ఘర్షణ అవసరమే లేదు.

వాలు మీద కూడా ఇదే జాగ్రత్త ఉంది. గట్టి గోళీ వాలు మీద జారకుండా దొర్లాలంటే tan θ, 3.5μ కంటే మించకూడదు. μ = 0.3కి హద్దు 46°. ఇంతకంటే నిటారుగా పెడితే గోళీ మొదట్లోనే జారుతుంది, మన శక్తి లెక్క మొదటి వాక్యంలోనే చెడుతుంది. 30° వాలు సురక్షితం.

ట్రాక్ అడుగు చదునుగా ఉందనే ఇంతవరకు అనుకున్నాం. రెండు సమాంతర కడ్డీల మధ్య గోళీ కూర్చుని దొర్లే ట్రాక్‌లు కూడా చాలా ఉంటాయి. అక్కడ గోళీ తన అడుగు బిందువు మీద దొర్లదు, కడ్డీలను తాకే రెండు బిందువుల మీద దొర్లుతుంది. కడ్డీలు గోళీని 12 మి.మీ. ఎడంలో తాకుతుంటే, 10 మి.మీ. గోళీకి దొర్లే వ్యాసార్ధం 8 మి.మీ.కి తగ్గుతుంది. అదే వేగానికి గోళీ ఇంకా జోరుగా తిరగాలి, తిరగడంలో ఇంకా ఎక్కువ శక్తి దాగుతుంది. 2.7 కాస్తా 2.81 అవుతుంది, అదీ జారడాన్ని లెక్కలోకి తీసుకోకముందే. ఎడం 16 మి.మీ.కి పెరిగితే 3.06. కాబట్టి కడ్డీల ట్రాక్ మీద 2.7 రాలేదని ఘర్షణను నిందించే ముందు ఆ ఎడం కొలవాలి.

ఇక ప్రయోగంలో అసలు చిక్కు. పైన చెప్పిందంతా విని ఒకరు గోళీని 401 మి.మీ. నుంచి వదిలారనుకుందాం. గోళీ శుభ్రంగా లూప్ దాటి అవతలికి వెళ్లిపోతుంది. 2.7 కూడా అక్కర్లేదు, ఇంకా తక్కువే చాలు అని వాళ్లు రాసుకుంటారు. కళ్లు చూసింది నిజం, రాసుకున్నది తప్పు. గోళీ లూప్ దాటింది, కానీ ట్రాక్ మీదే ఉండి దాటలేదు.

ట్రాక్‌ను వదిలిన గోళీ వెంటనే కింద పడిపోదు. వదిలిన క్షణంలో దాని వేగం, దిశ, వంపు మూడూ వృత్తంతో సరిపోయి ఉంటాయి. అందుకే ఆ తర్వాత అది వెళ్లే పరావలయం వృత్తాన్ని అంటిపెట్టుకున్నట్టే సాగి, చాలా మెల్లగా విడిపోతుంది. పైకొనకు α కోణం ముందు వదిలిన గోళీ, పైకొన దాటాక సరిగ్గా 3α దగ్గర తిరిగి ట్రాక్‌ను తాకుతుంది. దీన్ని రెండు పంక్తుల త్రికోణమితితో సరిచూడవచ్చు. గోళీ ముందు ఎలా దొర్లింది, ఎంత జారింది అన్న వాటితో దీనికి సంబంధం లేదు, వదిలిన చోటు ఒక్కటే లెక్క.

10° ముందు వదిలితే 30° అవతల తాకుతుంది. ఈ 40° ప్రయాణంలో గోళీకీ ట్రాక్‌కీ మధ్య ఏర్పడే గరిష్ఠ ఖాళీ దాదాపు 0.003ρ. మన లూప్‌లో అది అర మిల్లీమీటరు కూడా కాదు. కంటికి కనిపించదు, మామూలు వీడియోలోనూ దొరకదు. పూర్తిగా దొర్లే గోళీ లెక్కలో 10° ముందు వదలడం అంటే 2.67ρ, 401 మి.మీ. ఎత్తు. అదే 2.5ρ నుంచి వదిలితే గోళీ 28° ముందు విడిపోయి, 84° అవతల, అంటే దాదాపు లూప్ కేంద్రం మట్టంలో, తాకుతుంది. అప్పుడు ఖాళీ 20 మి.మీ. అది ఎవరికైనా కనిపిస్తుంది, తాకేటప్పుడు టక్కుమన్న చప్పుడు కూడా వస్తుంది. అంటే కంటిని నమ్మి చేసిన కొలతలు ఎప్పుడూ ఒకే వైపు తప్పుతాయి, నిజమైన ఎత్తు కంటే తక్కువ వైపు. జారడం, దొర్లుడు నిరోధం వంటివి ఎత్తును పెంచుతుంటే ఈ భ్రమ దాన్ని తగ్గిస్తుంది. రెండూ కొట్టుకుపోయి, ఏ దిద్దుబాటూ లేకుండానే 2.7 వచ్చేయడం అసాధ్యమేమీ కాదు.

ఖాళీ సన్నగా ఉన్నా అది పొడుగ్గా ఉంటుంది, పట్టుకునే దారి అక్కడే ఉంది. 10° నుంచి 30° దాకా అంటే ట్రాక్ మీద దాదాపు 11 సెం.మీ. లూప్ పైభాగం లోపలి వైపు సుద్దపొడి చాలా పలచగా రుద్ది గోళీని ఒక్కసారి వదిలితే, అది తాకిన మేరకు సన్నటి గీత పడుతుంది, తాకని మేరకు పొడి చెక్కుచెదరదు. గీత తెగిన చోటు వదిలిన బిందువు, మళ్లీ మొదలైన చోటు తాకిన బిందువు. పైకొన నుంచి రెండో దూరం మొదటిదానికి మూడు రెట్లు ఉంటే, గోళీ నిజంగానే గాల్లో ఎగిరిందని అర్థం. ఆ నిష్పత్తి లేకపోతే ట్రాక్ అతుకులోనో, గుండ్రటితనంలోనో లోపం వెతకాలి. పొడి వల్ల μ తగ్గుతుంది కాబట్టి పైకొనకు ముందున్న 45° మేర మందంగా పూయకూడదు. కడ్డీల ట్రాక్ లోహానిదైతే ఇంకా మంచి దారి ఉంది. రెండు కడ్డీలను విడివిడిగా, ఒక నిరోధకం మీదుగా, ఒక చిన్న బ్యాటరీకి కలిపితే, మధ్యలో కూర్చున్న ఉక్కు గోళీయే వలయాన్ని పూర్తి చేస్తుంది. ఆసిలోస్కోప్ మీద ఆ సంకేతం పైకొన దగ్గర తెగిందో లేదో చూడొచ్చు. దొర్లే గోళీ సంకేతం ఎలాగూ కొంత వణుకుతుంది, కానీ 10° ముందు వదిలిన గోళీ మన లూప్‌లో దాదాపు 85 మిల్లీసెకన్లు గాల్లో ఉంటుంది. అంత పొడుగు విరామం వణుకుతో కలిసిపోదు.

తర్వాత పని ఎత్తును రెండేసి మిల్లీమీటర్లు పెంచుతూ పోవడమే. తెగిన మేర వేగంగా ఏమీ కుదించుకుపోదు. వదిలే కోణం, మిగిలిన ఎత్తు లోటుకు వర్గమూలంగా మారుతుంది కాబట్టి, హద్దుకు ఒక్క మిల్లీమీటరు కింద కూడా గీతలో దాదాపు 6 సెం.మీ. ఖాళీ ఉండి, ఆ చివరి మిల్లీమీటరులో ఒక్కసారిగా మూసుకుంటుంది. చదునైన, పొడిగా ఉన్న ట్రాక్ మీద గీత 410 మి.మీ. పరిసరాల్లో పూర్తయితే, జారడం గురించి పైన వేసిన లెక్క నిలిచినట్టే. 415 దాటినా తెగుతూనే ఉంటే, వాలుకూ లూప్‌కూ మధ్య అతుకును వేలితో తడిమి చూడాలి. లూప్ అడుగున ప్రవేశించే క్షణంలో గోళీ మీద ఒత్తిడి దాని బరువు నుంచి ఒక్కసారిగా ఐదు రెట్లకు దూకుతుంది. అక్కడ చిన్న మెట్టు ఉన్నా గోళీ ఎగిరిపడి, జారి, పైకి మోసుకెళ్లాల్సిన శక్తిని అక్కడే పోగొట్టుకుంటుంది.